భయానికా, బాకీకా? మరణశిక్ష మీద ఒక విచారణ

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో ఒక సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. నేను ఈ ఊరి కోర్టుల్లో ముప్పై ఏళ్లకు పైగా క్రిమినల్ కేసులు నడిపినవాణ్ణి. చాలావరకు ముద్దాయిల తరఫున వాదించాను, కొన్ని కేసుల్లో చనిపోయినవారి కుటుంబాల తరఫున ప్రాసిక్యూషన్‌కు తోడుగా నిలబడ్డాను. అలాంటి ఒక కేసులో జాలరిపేట నుంచి ఒక తల్లి ప్రతి వాయిదాకూ ముందురోజు సాయంత్రం నా ఆఫీసుకు వచ్చి కూర్చునేది. ఆమె కొడుకును పాతికేళ్ల వయసులో కత్తితో పొడిచి చంపారు. ఆమె కోసం తెప్పించిన టీ బల్ల మీదే మీగడ కట్టేది. "ఆడు జైల్లో మూడు పూటలా తింటన్నాడు బాబూ, నాకు ముద్ద దిగట్లేదు" అని ఒకే మాట చెప్పేది. ఆ రెండున్నరేళ్లలో ఆమె ఒక్కసారి కూడా, వాణ్ణి ఉరి తీస్తే రేపు ఇంకొకడు ఇలాంటి పని చేయకుండా ఉంటాడని అనలేదు. మనం టీవీలో, పత్రికల్లో, అసెంబ్లీలో మరణశిక్షను సమర్థించేటప్పుడు మొదట చెప్పే కారణం ఆ తల్లి నోట ఎన్నడూ రాలేదు. ఆమె అడిగింది భయం గురించి కాదు, బాకీ గురించి. ఈ సాయంత్రం నేను చెప్పదలచినదంతా ఆ రెండింటి మధ్య ఉన్న తేడా గురించే.

శిక్ష ఎందుకు వేయాలి అన్న ప్రశ్నకు రెండు పెద్ద జవాబులున్నాయి. మొదటిది నిరోధక సిద్ధాంతం. ఇది ముందుకు చూస్తుంది: జరిగిన నేరాన్ని ఎలాగూ వెనక్కి తేలేము కనుక, శిక్ష చూసి జడిసి మరొకరు ఆ నేరం చేయకుండా ఉంటే అదే శిక్షకు సార్థకత అంటుంది. రెండవది ప్రతీకార సిద్ధాంతం. ఇది వెనక్కి చూస్తుంది: చేసిన తప్పుకు తగినంత అనుభవించడమే న్యాయం, దానివల్ల మరొకరికి ప్రయోజనం కలిగినా కలగకపోయినా సరే అంటుంది. ప్రతీకారం అన్న మాట వినగానే మనకు పగ, కక్ష గుర్తుకు వస్తాయి. కానీ కక్షకు హద్దు లేదు, ఈ సిద్ధాంతానికి హద్దే ప్రాణం. తగినంత అన్నప్పుడు అంతకు మించకూడదు అన్న అర్థం కూడా అందులోనే ఉంది. నేరస్థుణ్ణి బాగుచేయాలనే సంస్కరణ సిద్ధాంతం కూడా ఒకటుంది. ఉరి తీసిన మనిషిని సంస్కరించడం కుదరదు కాబట్టి అది ఈ చర్చలో ఒక వైపే నిలబడుతుంది. అందుకే దాన్ని పక్కన పెడుతున్నాను.

సిద్ధాంతాలను గాలిలో తూచలేము కనుక మన తెలుగునాట జరిగిన ఒక ఘటనను ముందు పెట్టుకుందాం. 1993 మార్చి 8న తెల్లవారుజామున, హైదరాబాద్ నుంచి చిలకలూరిపేట వెళుతున్న ఆర్టీసీ బస్సులో ఇద్దరు యువకులు ప్రయాణికులను దోచుకోవాలని పెట్రోలు చల్లారు, నిప్పంటుకుంది, 23 మంది కాలిపోయారు. గుంటూరు సెషన్స్ కోర్టు ఇద్దరికీ మరణశిక్ష వేసింది, హైకోర్టు దాన్ని ఖాయం చేసింది, 1996లో సుప్రీంకోర్టు కూడా ఆ శిక్షనే నిలబెట్టింది. 1997లో ఉరికి తేదీ కూడా నిర్ణయమై చివరి ఘడియల్లో ఆగింది. తర్వాత 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవ ఖైదుగా మార్చారు. ఆ రోజుల్లో మన రాష్ట్రంలో ఈ కేసు గురించి మాట్లాడుకోని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. కాలిపోయినవారి తరఫున గుండె మండినవారూ ఉన్నారు, ఆ ఇద్దరి ప్రాణం కోసం సంతకాలు సేకరించినవారూ ఉన్నారు. రెండు వైపులా ఉన్నది మనుషుల పట్ల ప్రేమే అని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ముందుగా నిరోధక సిద్ధాంతాన్ని ఈ బస్సు దగ్గరకు తీసుకువెళదాం. ఆ రాత్రి పెట్రోలు డబ్బాతో బస్సెక్కినవాళ్లకు హత్యకు ఉరి పడవచ్చునని తెలియదా? తెలుసు. మన శిక్షాస్మృతిలో ఆ శిక్ష 1860 నుంచీ ఉంది, ఊళ్లో పిల్లవాడికి కూడా తెలిసిన సంగతే అది. తెలిసినా వాళ్లు ఆగలేదు, ఎందుకంటే వాళ్లు వేసుకున్న లెక్కలో 23 చావులు లేవు, దోపిడీ ఉంది, దొరకకుండా తప్పించుకోవడం ఉంది. భయం పనిచేయాలంటే నేరం చేసేవాడు ముందుగా కూర్చుని ఫలితాన్ని బేరీజు వేసుకోవాలి, ఆ బేరీజులో చావు అనే ఫలితం కనబడాలి, పట్టుబడతాననే అనుమానమైనా ఉండాలి. నేను చూసిన హత్య కేసుల్లో ఎక్కువభాగం తాగిన మత్తులోనో, గట్టు తగాదాలోనో, అనుమానంతోనో నిమిషాల్లో జరిగిపోయినవి. పథకం వేసుకుని చేసినవాడు మాత్రం దొరకననే నమ్మకంతోనే చేస్తాడు. శిక్ష ఎంత పెద్దదన్నది ఇద్దరిలో ఎవరి లెక్కలోనూ లేదు.

ఇది ఒక వకీలు అనుభవం మాత్రమే కదా, అంకెలేమంటున్నాయి అని మీరు అడగవచ్చు. అడగవలసిందే. కానీ అడిగేటప్పుడు ప్రశ్నను సరిగా అడగాలి. ఉరిశిక్షకు ఎవరైనా భయపడతారా అన్నది ప్రశ్న కాదు, తప్పకుండా భయపడతారు. యావజ్జీవ ఖైదుకు కూడా జంకనివాడు, ఉరికి మాత్రం జంకి ఆగిపోతాడా అన్నదే ప్రశ్న. ఉరికీ ఖైదుకూ మధ్య ఉన్న ఆ కాస్త అదనపు భయం వల్ల ఎన్ని ప్రాణాలు నిలుస్తున్నాయో చూపించగలిగితేనే నిరోధక సిద్ధాంతం మరణశిక్షను సమర్థించగలదు.

ఆ అదనాన్ని కొలిచే అవకాశం మన దేశంలోనే ఒకసారి వచ్చింది. తిరువాన్కూరు సంస్థానం 1944లో మరణశిక్షను రద్దు చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక, దేశమంతటికీ ఒకే శిక్షాస్మృతి అమలులోకి రావడంతో అక్కడ ఆ శిక్ష తిరిగి వచ్చింది. ఉరి లేని 1945-50 మధ్య అక్కడ 962 హత్యలు జరగగా, ఉరి తిరిగి వచ్చిన తర్వాతి ఐదేళ్లలో 967 జరిగాయని మరణశిక్ష చర్చల్లో తరచూ చెబుతారు. చూడగానే విషయం తేలిపోయినట్టు అనిపిస్తుంది. కానీ నేను దాన్ని అంత తేలికగా వాడను, మీరూ వాడవద్దు. ఆ పదేళ్లలో జనాభా పెరిగింది, యుద్ధం ముగిసింది, తిండి గింజల కరువు వచ్చి పోయింది, సంస్థానం కొచ్చిన్‌తో కలిసి కొత్త రాష్ట్రమైంది, పోలీసులు కేసులు నమోదు చేసే పద్ధతులు కూడా మారి ఉంటాయి. వీటిలో ఏది హత్యలను పెంచిందో, ఏది తగ్గించిందో విడదీయలేము. కాబట్టి తిరువాన్కూరు అంకెలు ఉరి వల్ల ఉపయోగం లేదని రుజువు చేయవు. ఉరి తీసేస్తే హత్యలు ఇంతలంతలవుతాయన్న భయం మాత్రం అక్కడ నిజం కాలేదని చెబుతాయి. అంతవరకే.

అమెరికాలో 1975లో ఐజాక్ ఎర్లిక్ అనే ఆర్థికవేత్త ఒక్కో ఉరి ఏడెనిమిది హత్యలను ఆపి ఉండవచ్చని లెక్క కట్టారు. ఆ లెక్కలో చివరి కొన్ని సంవత్సరాలను తీసేస్తే ఫలితమే మాయమైపోతోందని ఇతరులు చూపించారు. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ఒకరు ఆపుతుందని, ఇంకొకరు ఆపదని అధ్యయనాలు చేస్తూనే వచ్చారు. చివరకు 2012లో అక్కడి జాతీయ పరిశోధనా మండలి నియమించిన సంఘం వాటన్నిటినీ పరిశీలించి, మరణశిక్ష హత్యలను తగ్గిస్తుందో, పెంచుతుందో, ఏ ప్రభావమూ చూపదో ఈ అధ్యయనాలు చెప్పలేవనీ, విధాన నిర్ణయాలకు వీటిని ఆధారం చేసుకోవద్దనీ తేల్చింది. మన లా కమిషన్ కూడా 1967 నాటి 35వ నివేదికలో మరణశిక్షను ఉంచమని చెప్పి, 2015 నాటి 262వ నివేదికలో ఉగ్రవాదానికి, దేశం మీద యుద్ధానికి దిగే నేరాలకు తప్ప మిగిలినవాటికి తీసేయమని చెప్పింది. యావజ్జీవ ఖైదుకు మించిన నిరోధక శక్తి ఉరికి ఉందనడానికి ఆధారం లేదన్నది ఆ మార్పుకు ఒక ముఖ్య కారణం.

1764లోనే ఇటలీకి చెందిన బెకారియా చెప్పిన సంగతి ఒకటుంది: మనిషిని ఆపేది శిక్ష తీవ్రత కాదు, అది తప్పదన్న నమ్మకం. ఆ కొలతతో మన దేశాన్ని చూడండి. 2022లో దేశంలో నమోదైన హత్యలు ఇరవై ఎనిమిది వేలకు పైన. 2000 నుంచి 2020 వరకు, ఇరవై ఏళ్లలో, మనం ఉరి తీసింది ఎనిమిది మందిని. విచారణ పూర్తయిన హత్య కేసుల్లో సగానికి పైగా శిక్ష లేకుండానే ముగుస్తున్నాయి. సాక్షి ఎదురు తిరుగుతాడు, పంచనామాలో తేదీ తప్పుగా ఉంటుంది, ఫోరెన్సిక్ రిపోర్టు ఏడాదిన్నరకు వస్తుంది. నిరోధం కావాలంటే బాగుచేసుకోవలసినవి ఇవి. వీటికి డబ్బు, ఓపిక కావాలి, ఉరిశిక్ష వేయమని డిమాండ్ చేయడానికి రెండూ అక్కర్లేదు. ఈ మాట కోపంతోనే అంటున్నాను, మన్నించండి.

నిరోధక సిద్ధాంతానికి ఇంకా లోతైన లోపం ఒకటుంది. భయమే లక్ష్యమైతే, ఉరి తీసిన మనిషి నిజంగా నేరం చేశాడా లేదా అన్నది ఆ లక్ష్యానికి అవసరం లేదు, చేశాడని జనం నమ్మితే చాలు. తనకు తానుగా వదిలేస్తే ఆ సిద్ధాంతం ఒక మనిషిని మిగతావాళ్లకు చూపించే దిష్టిబొమ్మగా మారుస్తుంది. అతను ఎవరు, ఎంత తప్పు చేశాడు, ఎంతకు అర్హుడు అన్న ప్రశ్నలు దాని భాషలో లేవు. ఆ ప్రశ్నలు వేసేది రెండవ సిద్ధాంతమే. అందుకే నేను మరణశిక్షకు వ్యతిరేకినైనా, ప్రతీకార సిద్ధాంతాన్ని ఆటవికమని కొట్టిపారేసేవారితో ఏకీభవించను.

జర్మన్ తత్వవేత్త కాంట్ చెప్పిన ఉదాహరణ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒక ద్వీపంలోని ప్రజలంతా సమాజాన్ని రద్దు చేసుకుని తలో దిక్కుకూ వెళ్లిపోవాలని నిశ్చయించుకున్నారనుకోండి. వెళ్లేముందు చెరసాలలో ఉన్న చివరి హంతకుణ్ణి కూడా ఉరి తీసి మరీ వెళ్లాలి అంటాడాయన. ఇక ఆ ద్వీపంలో భయపెట్టవలసినవాడు ఎవడూ మిగలడు కాబట్టి ఈ ఉరిలో నిరోధం లవలేశమైనా లేదు. ఉన్నదల్లా చేసిన దానికి తగిన ఫలితం అనుభవించాలన్న సూత్రం. నేరస్థుణ్ణి కూడా తెలిసి చేసిన మనిషిగా, బాధ్యత గల మనిషిగా గుర్తించడం ఈ వాదంలోని గొప్పతనం. జాలరిపేట తల్లి అడిగింది కూడా ఇదే. తన కొడుకు ప్రాణానికి ఒక విలువ ఉందని ప్రభుత్వం నోరు తెరిచి చెప్పాలని ఆమె కోరింది. ఆ కోరికను చిన్నచూపు చూసే ఏ వాదమూ న్యాయం అనిపించుకోదు.

అయితే ఈ సిద్ధాంతాన్ని నమ్మినవారు దాని షరతులను కూడా ఒప్పుకోవాలి. మొదటి షరతు, తప్పును సరిగా తూచాలి. మళ్లీ బస్సు దగ్గరకు వద్దాం. 23 ప్రాణాలు పోయాయి, ఆ నష్టంతో తూస్తే ఏ శిక్షా చాలదు. కానీ ప్రతీకారం తూచవలసింది నష్టాన్ని మాత్రమే కాదు, ఆ నష్టానికి కారణమైన మనసును కూడా. దోచుకోవడానికి బెదిరించాలని పెట్రోలు చల్లినవాడి దోషమూ, 23 మందిని కాల్చి చంపాలనే నిశ్చయంతో వచ్చినవాడి దోషమూ ఒకటి కావు. మొదటిది చిన్నదని నేను అనడం లేదు, ఆ పని ఎక్కడికి దారితీస్తుందో లెక్కచేయకపోవడం కూడా ఘోరమే. కానీ రెండింటి మధ్య ఎడం ఉంది. ఆ ఎడం ప్రాణం తీయడానికీ ఉంచడానికీ మధ్య ఉన్న తేడా కాగలదా అన్నది నిజాయితీ గల ఏ న్యాయమూర్తికైనా నిద్ర పట్టనివ్వని ప్రశ్న. ఒకే రికార్డు చదివి మూడు కోర్టులు ఒక జవాబు చెప్పాయి, రాష్ట్రపతి వేరే జవాబు చెప్పారు.

1980లో బచన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ కొలతకు ఒక పద్ధతి చెప్పింది. యావజ్జీవమే నియమం, ఉరి మినహాయింపు. నేరాన్ని మాత్రమే కాదు, నేరస్థుణ్ణి కూడా చూడాలి. మరో శిక్షకు దారి పూర్తిగా మూసుకుపోయిన అత్యంత అరుదైన కేసుల్లోనే ఉరి వేయాలి. కాగితం మీద ఇంతకన్నా మంచి సూత్రం చెప్పడం కష్టం. అది కోర్టు హాల్లో ఎలా నడుస్తుందో నేను చూసినది చెబుతాను.

ఒక సెషన్స్ కోర్టులో ఉదయం పదకొండున్నరకు ముద్దాయి దోషి అని తీర్పు వచ్చింది. శిక్ష మీద విడిగా వినాలని చట్టం ఉంది కనుక న్యాయమూర్తి అతన్ని బోను దగ్గరకు పిలిచి, శిక్ష విషయంలో చెప్పుకునేది ఏమైనా ఉందా అని అడిగారు. అతను చేతులు కట్టుకుని, ముసలి తల్లి ఉందయ్యా, ఇద్దరు ఆడపిల్లలున్నారయ్యా అన్నాడు. స్టెనో ఆ రెండు వాక్యాలూ టైపు చేశాడు. ప్రభుత్వం నియమించిన వకీలు లేచి, దయ చూపమని కోరుతున్నాను అని కూర్చున్నాడు. మధ్యాహ్న భోజన విరామం తర్వాత మరణశిక్ష ప్రకటించారు. అతను ఏ పరిస్థితుల్లో పెరిగాడు, బడికి వెళ్లాడా, తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా, జైల్లో ఎలా ఉన్నాడు అన్నది ఎవరూ అడగలేదు, ఎవరి దగ్గరా కాగితం లేదు. నేరస్థుణ్ణి చూడడమంటే ఆ రెండు వాక్యాలే. తర్వాత హైకోర్టు ఆ శిక్షను యావజ్జీవంగా మార్చింది, అది వేరే సంగతి. ప్రొబేషన్ అధికారి నివేదిక, జైలు ప్రవర్తన నివేదిక, మానసిక పరీక్ష తెప్పించుకున్నాకే నిర్ణయించాలని సుప్రీంకోర్టు 2022లో గట్టిగా ఆదేశించవలసి వచ్చిందంటే, బచన్‌సింగ్ తర్వాత నలభై రెండేళ్లు ఏం జరుగుతూ వచ్చిందో మీరే ఊహించుకోవచ్చు.

రెండవ షరతు, సమానంగా తప్పు చేసినవారికి సమానమైన శిక్ష ఉండాలి. ఉత్తరప్రదేశ్‌లో ఒకే హత్యా కేసులో, ఒకే పాత్రకు ముగ్గురికి మరణశిక్ష పడింది. ఒకడి అప్పీలు ఒక ధర్మాసనం ముందుకు వెళ్లింది, శిక్ష యావజ్జీవమైంది. రెండవవాడి అప్పీలు మరో ధర్మాసనం ముందు వీగిపోయింది, 1981 అక్టోబరులో ఉరి తీశారు. మూడవవాడు మళ్లీ పిటిషన్ వేసుకోవడంతో ఈ తేడా సుప్రీంకోర్టు కంటపడి అతని ఉరి ఆగింది. దోషంలో తేడా లేదు, తేడా వచ్చింది ఏ ధర్మాసనం, ఏ పిటిషన్ అన్న దగ్గర. మరణశిక్ష పడినవారిలో నలుగురిలో దాదాపు ముగ్గురు ఆర్థికంగా వెనకబడినవారేనని ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో వెలువరించిన అధ్యయనం చెప్పింది. పేదవాళ్లే ఎక్కువ ఘోరాలు చేస్తారని నమ్మితే తప్ప, ఇక్కడ తక్కెడలో తూగుతున్నది దోషం ఒక్కటే అనడానికి నాకు నోరు రాదు.

మూడవ షరతు చెప్పనక్కరలేనంత తేలికైనది, దోషి కానివాణ్ణి శిక్షించకూడదు. మహారాష్ట్రలో ఒక కేసులో ఆరుగురికి 2009లో సుప్రీంకోర్టే మరణశిక్ష ఖాయం చేసింది. వారిలో ముగ్గురికైతే హైకోర్టు తగ్గించిన శిక్షను తిరిగి ఉరిగా పెంచింది. పదేళ్ల తర్వాత, 2019లో, అదే కోర్టు అదే సాక్ష్యాన్ని మళ్లీ చదివి ఆరుగురూ నిర్దోషులని విడుదల చేసింది. ఈలోగా వాళ్ల ఉరి అమలై ఉంటే, మళ్లీ చదవమని అడిగేవాళ్లెవరు?

శాంతిపర్వంలో ద్యుమత్సేనుడికీ కొడుకు సత్యవంతుడికీ మధ్య ఇదే వాదన జరుగుతుంది. వధ లేకపోతే దస్యులు చెలరేగుతారని తండ్రి అంటాడు, ఒకణ్ణి చంపితే ఏ పాపమూ ఎరుగని అతని తల్లి, భార్య, బిడ్డలు కూడా చచ్చినట్టే కదా అని కొడుకు అడుగుతాడు. మన తాతలు ఈ ప్రశ్నను ఎప్పుడో వేసుకున్నారు, ఇది పడమటి నుంచి వచ్చిన సున్నితత్వం కాదు అని చెప్పడానికే దీన్ని ప్రస్తావించాను. రాజ్యాంగ సభలో 1949 జూన్‌లో అంబేద్కర్ కూడా మరణశిక్షను రద్దు చేయడమే తనకు సమ్మతమని స్పష్టంగా చెప్పారు.

ఇప్పుడు నా నిర్ణయం చెబుతాను. నిరోధక సిద్ధాంతం మరణశిక్షను మోయలేదు. ప్రాణం తీయడానికి అనుమతి అడిగేవాడే రుజువు చూపాలి, ఆ రుజువు అతని దగ్గర లేదు. ప్రతీకార సిద్ధాంతం దీనికన్నా బలమైనది, మనిషికి గౌరవమిచ్చేది. సూత్రంగా చూస్తే కొందరు మరణానికి అర్హులని అది చెప్పగలదు, ఆ మాటను నేను ఖండించలేను. కానీ ఫలానావాడే ఆ అర్హుడని తేల్చడానికి అది కోరే తక్కెడ మన దగ్గర లేదు. ఆ తక్కెడ లేకుండా ఉరి తీస్తే ప్రతీకార సిద్ధాంతం తన నియమాన్ని తానే తప్పినట్టు. ఖైదులో కూడా ఇవే పొరపాట్లు జరుగుతాయి కదా అంటారు, జరుగుతాయి. కానీ ఖైదులో ఉన్నవాణ్ణి ఆ మహారాష్ట్ర వాళ్లలాగా బయటకు పంపగలం. కాబట్టి ఈ శిక్షను చట్టం నుంచి తీసేయాలన్నది నా అభిప్రాయం, ఉగ్రవాద నేరాలకు కూడా. ఎందుకంటే జనం కోపం, పోలీసుల మీద ఒత్తిడి అత్యధికంగా ఉండేది ఆ కేసుల్లోనే, తప్పు జరిగే అవకాశం ఎక్కువగా ఉండేదీ వాటిలోనే.

దాని స్థానంలో ఏముండాలో చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది. జాలరిపేట కేసులో ముద్దాయికి యావజ్జీవం పడింది. తీర్పు రోజు కోర్టు వరండాలో ఆ తల్లి నా కోటు అంచు పట్టుకుని, "ఆడు మళ్లీ ఎప్పుడొస్తాడు బాబూ?" అని అడిగింది. చట్టం ప్రకారం యావజ్జీవమంటే బతికినంత కాలం. కానీ పద్నాలుగేళ్లు నిండాక ప్రభుత్వం శిక్షను తగ్గించి విడుదల చేయవచ్చు. ఏ పండుగకు, ఏ జీవోతో, ఎవరి సిఫార్సుతో విడుదలవుతాడో ఎవరూ చెప్పలేరు. ఉరి అడిగేవారిలో చాలామంది నిజానికి అడుగుతున్నది ఉరిని కాదు, ఈ అనిశ్చితి పోవాలని. 2008లో ఒక కేసులో సుప్రీంకోర్టు, నిర్ణీత కాలం వరకు తగ్గింపు లేని ఖైదు అనే మధ్యేమార్గాన్ని కనిపెట్టింది, 2015లో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. కానీ ఆ అధికారం హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు మాత్రమే ఉంచింది. సెషన్స్ న్యాయమూర్తి ముందు ఇవాళ్టికీ రెండే దారులున్నాయి: ఎప్పుడు ముగుస్తుందో తెలియని యావజ్జీవం, లేదా ఉరి. ఘోరమైన కేసులో మొదటిది చాలదనిపిస్తే ఆయన చేయి రెండవదాని వైపు పోతుంది. పార్లమెంటు ఉరిని తీసేసి, పాతికేళ్లో ముప్పై ఏళ్లో తగ్గింపు లేని ఖైదును విధించే అధికారాన్ని విచారణ కోర్టుకే ఇవ్వాలి, ఆ గడువు తర్వాత మనిషి మారాడో లేదో చూసే ఒక నిష్పాక్షికమైన బోర్డు కూడా ఉండాలి. ఆశ పూర్తిగా చంపేసిన ఖైదు కూడా ఒక రకం ఉరే కనుక ఆ రెండవది వదిలిపెట్టవద్దు.

ఆ రోజు వరండాలో ఆమెకు నేను జవాబు చెప్పలేకపోయాను. పద్నాలుగేళ్ల తర్వాత ఏమవుతుందో తెలియదమ్మా అన్నాను. ఆమె నా కోటు వదిలేసి, జగదాంబ వైపు వెళ్లే బస్సు కోసం గేటు దగ్గరకు నడిచింది.